పిల్ల కంపెనీ అమ్మిన సరుకు, తల్లి గోడౌన్‌లో మిగిలిన లాభం

(విజయనగరంలో బీకాం పిల్లలు, అకౌంటెంట్ల ముందు మాట్లాడిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డ వాళ్ళు ముందుకొచ్చేయండి, బోర్డు మీద అంకెలు రాస్తాను, అక్కణ్ణించి కనబడవు. కన్సాలిడేషన్ మొత్తం చెప్పమన్నారు గానీ అది ఒక పూటలో తెమిలేది కాదు. అంచేత ఒక్క చోటే ఆగుతాను. సబ్సిడరీ తన హోల్డింగ్ కంపెనీకే సరుకు అమ్మింది, ఆ సరుకులో కొంత మార్చి 31కి ఇంకా హోల్డింగ్ గోడౌన్‌లోనే ఉండిపోయింది, మరి అందులో ఉన్న లాభాన్ని ఏం చెయ్యాలి, తీసేస్తే ఆ కోత మైనారిటీ వాళ్ళ మీద ఎంత పడాలి, ఇదే విషయం. పరీక్షలో ఇది రెండు మార్కుల అడ్జస్ట్‌మెంట్‌లా కనిపిస్తాది గానీ నిజం ఫైళ్ళలో తేడాలొచ్చేది ఎక్కువగా ఇక్కడే.

మనకి తెలిసిన సరుకే పెట్టుకుందాం, జీడిపప్పు. పలాసలో ఒక ఫ్యాక్టరీ కంపెనీ, ఉద్దానం నుంచి జీడి పిక్కలు కొని, కాల్చి, కొట్టి, పప్పు తీసి అమ్ముతాది. ఇక్కడ విజయనగరంలో ఒక ట్రేడింగ్ కంపెనీ, పప్పు కొని డబ్బాలూ ప్యాకెట్లూ చేసి బయట ఊళ్ళకి అమ్ముతాది. రెండూ ఊహించినవే, ఏ కంపెనీ అని వెతక్కండి. 2024 ఏప్రిల్ 1న విజయనగరం కంపెనీ పలాస కంపెనీలో 80 శాతం షేర్లు కొంది. మిగతా 20 శాతం పాత ఓనరు కుటుంబం దగ్గరే ఉంది. ఇప్పుడు విజయనగరంది హోల్డింగ్, పలాసది సబ్సిడరీ, ఆ 20 శాతం మైనారిటీ.

మావి చిన్న ప్రైవేట్ కంపెనీలు సార్, మాకెందుకు ఇదంతా అని అడుగుతారు. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 129(3) ప్రకారం సబ్సిడరీ ఒక్కటున్నా కన్సాలిడేటెడ్ లెక్కలు తయారు చెయ్యాల్సిందే, లిస్టెడా కాదా అన్న తేడా లేదు, రూల్స్‌లో కొన్ని మినహాయింపులున్నాయి గానీ అవి ఎక్కువగా, తన పైన ఇంకో హోల్డింగ్ ఉండి, ఆ పైవాళ్ళు కన్సాలిడేటెడ్ లెక్కలు ఫైల్ చేస్తున్న కంపెనీలకి. ఇంకోటి చాలామంది గమనించరు, టర్నోవర్ ఎంత తక్కువున్నా హోల్డింగ్ కంపెనీ గానీ సబ్సిడరీ గానీ చట్టం చెప్పే స్మాల్ కంపెనీ కిందకి రావు, సెక్షన్ 2(85)లోనే ఆ మాట ఉంది. మన ఉదాహరణలో రెండూ లిస్టు కానివి, నెట్‌వర్త్ 250 కోట్ల దరిదాపుల్లో లేదు, అంచేత పాత పద్ధతి, ఏఎస్ 21 వర్తిస్తాది. పెద్ద కంపెనీలకి ఇండ్ ఏఎస్ 110. నేను చెప్పే ప్రధాన లెక్క రెండింట్లోనూ ఒకటే.

సరే, మొదటి రోజు లెక్క గబగబా చూసేద్దాం. కొన్న రోజున పలాస కంపెనీ షేర్ క్యాపిటల్ 50 లక్షలు, రిజర్వులు 30 లక్షలు, మొత్తం 80. అందులో 80 శాతం అంటే 64 లక్షలు, హోల్డింగ్ ఇచ్చింది 70 లక్షలు, ఎక్కువిచ్చిన 6 లక్షలు గుడ్‌విల్. మిగతా 20 శాతం, 16 లక్షలు, మైనారిటీ ఇంటరెస్ట్. ఈ 16ని గుర్తు పెట్టుకోండి, చివరిదాకా దీంతోనే పని.

ఇప్పుడు ఏడాది నడిచింది. 2024-25లో పలాస కంపెనీ సొంత పుస్తకాల్లో లాభం 20 లక్షలు, హోల్డింగ్‌ది 40 లక్షలు. టాక్స్ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పలాస మొత్తం అమ్మకాలు 150 లక్షలు, అందులో 90 బయట వాళ్ళకి, 60 హోల్డింగ్‌కి. ఆ 60 లక్షల పప్పు తయారీకి పలాసకి అయిన ఖర్చు 45 లక్షలు. హోల్డింగ్ అందులో మూడింట రెండొంతులు బయట అమ్మేసింది, కొన్న ధరలో 20 లక్షల సరుకు మార్చి 31కి మిగిలింది.

ముందు సులువైంది. హోల్డింగ్ అమ్మకాలు 200, పలాసవి 150, కలిపితే 350. కానీ ఇందులో 60 లక్షలు మన కుడి జేబులోంచి ఎడమ జేబులోకి పోయినవే, బయట వాడెవడూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. గ్రూప్ అమ్మకం 290. అమ్మకాల్లోంచి 60 తీసేస్తాం, అవతల కొనుగోళ్ళలోంచి 60 తీసేస్తాం, లాభం మారదు. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. చేసి, అయిపోయిందనుకుంటారు.

అవ్వలేదు. గ్రూపంతా ఒకటే కంపెనీ అనుకుని చూడండి. ఆ పప్పుకి ఈ ఒక్క కంపెనీ పెట్టిన ఖర్చు 45 లక్షలు. మూడింట రెండొంతులు బయట అమ్మారంటే అమ్మిన సరుకు ఖర్చు 30, మిగిలిన సరుకు ఖర్చు 15. మరి బ్యాలెన్స్ షీట్‌లో స్టాకు ఎంత రాసి ఉంది? 20. ఎందుకంటే హోల్డింగ్ తను కొన్న ధరకి రాసుకుంది, దాని వరకు అది తప్పు కాదు. గ్రూప్ వరకు మాత్రం ఆ 5 లక్షలు ఇంకా రాని లాభం. సరుకు పలాస నుంచి విజయనగరం వచ్చినంత మాత్రాన లాభం రాదు కదండీ, బయట వాడు కొనాలి. అంచేత స్టాకు 5 తగ్గిస్తాం, లాభం 5 తగ్గిస్తాం. అమ్మిన సరుకు ఖర్చు వైపు నుంచి రాస్తే ఎంట్రీ ఇలా ఉంటుంది, బోర్డు చూడండి.

అమ్మకాలు డెబిట్ 60
అమ్మిన సరుకు ఖర్చు క్రెడిట్ 55
స్టాకు క్రెడిట్ 5

55 ఎక్కడిదని అడుగుతారు. పలాస తన పుస్తకాల్లో 45 ఖర్చు రాసింది, హోల్డింగ్ తను అమ్మిన రెండొంతులకి 40 రాసింది, రెండూ కలిపి 85. అసలు ఖర్చు 30. తేడా 55. అదే.

ఇక్కడొక చిన్న గొయ్యి ఉంది. శాతం దేని మీద అన్నది కనుక్కోవాలి. మన లెక్కలో 60 అమ్మకం మీద 15 లాభం, అంటే అమ్మకం మీద 25 శాతం, 20 లక్షల స్టాకులో 5. అదే ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్లో "ఖర్చు మీద 25 శాతం వేస్తామండీ" అన్నాడనుకోండి, అప్పుడు 20ని 125తో భాగించి 25తో గుణించాలి, 4 లక్షలే వస్తాది. రెండూ 25 శాతమే, లక్ష తేడా. నోటిమాట నమ్మకుండా ఇన్‌వాయిస్‌లూ కాస్ట్ షీటూ తెప్పించుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ 5 లక్షల కోత ఎవరి మీద పడాలి?

ఆ లాభం ఎవరి పుస్తకాల్లో పుట్టింది? పలాస కంపెనీ పుస్తకాల్లో. పలాస చూపించిన 20 లక్షల లాభంలోనే ఆ 5 కూర్చుని ఉంది. పలాస లాభంలో 20 శాతం మైనారిటీది అయినప్పుడు, రాని లాభంలో కూడా 20 శాతం వాళ్ళ వాటాలోంచే తగ్గాలి. కాబట్టి ముందు పలాస లాభాన్ని సరిచెయ్యాలి, 20లోంచి 5 తీస్తే 15. ఆ 15లో 20 శాతం, 3 లక్షలు మైనారిటీకి, 12 హోల్డింగ్‌కి. మైనారిటీ ఇంటరెస్ట్ మొదటి 16 ప్లస్ 3, మొత్తం 19 లక్షలు. గ్రూప్ లాభం 40 ప్లస్ 20 మైనస్ 5, 55. అందులో మైనారిటీ 3, హోల్డింగ్ వాటాదార్లది 52.

మామూలుగా చేసేదేటంటే, పలాస ఆడిటెడ్ బ్యాలెన్స్ షీట్ తీసుకుని 20 లక్షల్లో 20 శాతం, 4 లక్షలు అని మైనారిటీకి ముందే రాసేస్తారు, తరవాత స్టాకు అడ్జస్ట్‌మెంట్ గుర్తొచ్చి 5 మొత్తాన్నీ హోల్డింగ్ రిజర్వుల్లోంచి తీసేస్తారు. గ్రూప్ మొత్తం 55 సరిగ్గానే ఉంటుంది, బ్యాలెన్స్ షీట్ ట్యాలీ కూడా అవుతుంది, అదే దీంతో ఇబ్బంది, తప్పు బయటికి కనపడదు. హోల్డింగ్ వాటాదార్లకి 52 రావాల్సింది 51 వస్తాది, మైనారిటీకి 3 రావాల్సింది 4 పోతాది. ఇంకొందరు దీనికి తిరగేసి, మన వాటా 80 శాతమే కదా అని 5 బదులు 4 లక్షలే తీస్తారు. అది కూడా కుదరదు, రాని లాభాన్ని పూర్తిగా తీసెయ్యమని ఏఎస్ 21 స్పష్టంగా చెప్తుంది. స్టాకులోంచి పూర్తి 5 పోవాలి, ఆ పోయింది 4, 1 చొప్పున పంచుకోవాలి.

(సభలోంచి ఒక ప్రశ్న: సార్, మైనారిటీ వాళ్ళు బయట వాళ్ళే కదా, వాళ్ళ 20 శాతం వరకు సరుకు హోల్డింగ్‌కి నిజంగా అమ్మినట్టే కదా, వాళ్ళ లాభం ఎందుకు కొయ్యాలి?)

బాగా అడిగావమ్మా. వాదన బలమైందే. కానీ కన్సాలిడేటెడ్ బ్యాలెన్స్ షీట్ ఎవరిది? హోల్డింగ్ చెప్పుచేతల్లో నడిచే మొత్తం గ్రూప్‌ది. గోడౌన్‌లో ఉన్న పప్పు డబ్బాలన్నీ ఒకే గ్రూప్ చేతిలో ఉన్నాయి, వాటిలో 80 శాతాన్ని ఖర్చుకి, 20 శాతాన్ని లాభం కలిపిన ధరకి రాయలేం కదా. అన్నీ ఖర్చుకే రాయాలి. ఇంకోటి, ఈ కోత వల్ల మైనారిటీ కుటుంబం జేబులోంచి ఏమీ పోదు. పలాస కంపెనీ సొంత పుస్తకాల్లో లాభం 20 లక్షలు అలాగే ఉంటుంది, వాళ్ళ డివిడెండ్ దాని మీదే లెక్క. మనం కోసింది కన్సాలిడేషన్ కాగితం మీద మాత్రమే, అది కూడా ఒక ఏడాదికే. ఆ ఒక ఏడాది సంగతికి వస్తాను, ముందు లారీ గురించి చెప్పాలి.

స్టాకు 20 లక్షలన్నాను. కానీ మీరు విజయనగరం గోడౌన్‌కి వెళ్ళి లెక్కపెడితే 17.5 లక్షలే ఉంది. మిగతా 2.5 లక్షల సరుకు లారీలో ఉంది. పలాసలో మార్చి 31 సాయంత్రం ఇన్‌వాయిస్ కొట్టి లోడ్ పంపేశారు, ఇక్కడ ఏప్రిల్ 1 పొద్దున్న దించుకుని అప్పుడు ఎంట్రీ వేశారు. ఎవరి పుస్తకం వాళ్ళకి బాగానే ఉంది. కానీ పలాస అమ్మకం 60 అంటుంది, హోల్డింగ్ కొనుగోలు 57.5 అంటుంది. పలాసలో హోల్డింగ్ బాకీ 12 లక్షలు, ఇక్కడ పలాసకి ఇవ్వాల్సింది 9.5 లక్షలు. 12ని 9.5తో కొట్టేస్తే 2.5 మిగిలిపోతుంది, చాలా చోట్ల ఆ మిగిలినదాన్ని సస్పెన్స్‌లోనో ఇతర బాకీల్లోనో పడేసి సంతకాలు పెట్టించేస్తారు.

చెయ్యాల్సింది ఏటంటే, కన్సాలిడేషన్ షీట్‌లో ముందు హోల్డింగ్ కాలమ్ సరిచెయ్యాలి, దారిలో ఉన్న స్టాకు 2.5 ఎక్కించాలి, పలాసకి ఇవ్వాల్సింది 12 చెయ్యాలి, ఆ తరవాతే కొట్టెయ్యడం. లారీలో ఉన్న సరుకులో కూడా లాభం ఉంటుందని మర్చిపోకండి. గోడౌన్ స్టాకు చూసి 17.5లో 25 శాతం తీస్తే 4.375 వస్తాది, లారీతో కలిపితేనే 5. అంచేత ఇంటర్‌కంపెనీ బాకీలు కలవకముందు స్టాకు లాభం లెక్క జోలికి పోవద్దు, ఆ వరస తప్పితే ఒకటికి రెండుసార్లు చెయ్యాల్సొస్తాది. బాకీలు సరిచూసేటప్పుడు జీఎస్టీ కూడా గమనించండి, అమ్మకం అంకెలో జీఎస్టీ ఉండదు, బాకీలో ఉంటుంది, నేను బోర్డు మీద సులువు కోసం వదిలేశాను. మార్చి చివరి వారం ఇన్‌వాయిస్‌లు రెండు వైపులా పక్కపక్కన పెట్టి టిక్కులు కొడితే సగం తేడాలు అక్కడే దొరుకుతాయి.

సరే, రెండో ఏడాది. 2025-26. మిగిలిన ఆ 20 లక్షల సరుకు ఏప్రిల్, మే నెలల్లో బయట అమ్ముడైపోయింది. ఆ తరవాత రెండు కంపెనీల మధ్యా అమ్మకాలు జరిగినా ఏడాది చివరికి గోడౌన్‌లో ఏమీ మిగల్లేదనుకుందాం. పలాస లాభం ఈ ఏడు 24 లక్షలు. మైనారిటీ వాటా ఎంత?

24లో 20 శాతం 4.8 అని వెనక నుంచి ఎవరో అన్నారు. కాదు బాబూ. నిరుడు రాలేదని ఆపిన 5 లక్షలు ఈ ఏడు నిజంగా వచ్చింది, బయట వాడు కొన్నాడు. అది ఈ ఏడాది లాభంలో కలవాలి. 24 ప్లస్ 5, 29. అందులో 20 శాతం 5.8. మైనారిటీ ఇంటరెస్ట్ 19 ప్లస్ 5.8, మొత్తం 24.8 లక్షలు.

ఇది ఎందుకు మర్చిపోతారో చెప్తాను. కన్సాలిడేషన్ ఎంట్రీ ఏ కంపెనీ టాలీలోనూ ఉండదు. పలాస పుస్తకం ముట్టుకోలేదు, హోల్డింగ్ పుస్తకం ముట్టుకోలేదు, ఒక ఎక్సెల్ షీట్‌లో మాత్రమే ఆ 5 తగ్గించాం. వచ్చే ఏడు మళ్ళీ రెండు ట్రయల్ బ్యాలెన్సులూ తెచ్చి మొదట్నించీ కలుపుతాం. హోల్డింగ్ ట్రయల్ బ్యాలెన్సులో ఆ సరుకు పలాస లాభం కలిసిన కొన్న ధరకే ఉంటుంది, పలాస రిజర్వుల్లో నిరుటి 20 లక్షల లాభం పూర్తిగానే ఉంటుంది. మనం నిరుడు చేసిన పని వాటికి తెలీదు. అంచేత నిరుటి ఎంట్రీని ఈ ఏడు మళ్ళీ వెయ్యాలి, ఓపెనింగ్ రిజర్వుల్లోంచి 4, ఓపెనింగ్ మైనారిటీలోంచి 1 తగ్గించి, అమ్మిన సరుకు ఖర్చులోంచి 5 తగ్గించాలి. ఖర్చు 5 తగ్గితే లాభం 5 పెరుగుతాది. మనిషి మారితే, నిరుడు చేసినాయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోతే, ఈ షీట్ ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉండిపోయిందో దొరకదు, అప్పుడు నిరుటి ప్రింటెడ్ రిజర్వులకీ ఈ ఏటి ఓపెనింగ్‌కీ పొంతన ఉండదు. ఆ తేడా 4, 1 లాంటి అంకెల్లో కనిపిస్తే నూటికి తొంభై పాళ్ళు స్టాకు లాభం తిరగెయ్యలేదని అర్థం.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోడానికి ఒక చెక్ ఉంది, నేను ఏ ఫైల్ చూసినా ముందు ఇదే చూస్తాను. మైనారిటీ ఇంటరెస్ట్ అంటే, సబ్సిడరీ ఆ రోజు నెట్‌వర్త్‌లోంచి, అది హోల్డింగ్‌కి అమ్మి ఇంకా బయటికి పోని సరుకులో ఉన్న లాభం తీసేసి, దాంట్లో మైనారిటీ శాతం.

మొదటి ఏడాది పలాస నెట్‌వర్త్ 80 ప్లస్ 20, 100. అందులో 5 తీస్తే 95. దాని 20 శాతం 19. మన జవాబు 19. రెండో ఏడాది నెట్‌వర్త్ 124, మిగిలిన లాభం సున్నా, 20 శాతం 24.8. సరిపోయింది. రెండో ఏడాది 5ని తిరగెయ్యడం మర్చిపోతే 19 ప్లస్ 4.8, 23.8 వచ్చేది, లక్ష తక్కువ. ఈ చెక్ ఒక్క లైన్లో అవుతుంది, కన్సాలిడేషన్ ఎంత గజిబిజిగా ఉన్నా. మన ఉదాహరణలో డివిడెండ్ ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే నెట్‌వర్త్ తగ్గుతుంది, చెక్ తనంతట తనే దాన్ని పట్టుకుంటుంది, కాకపోతే హోల్డింగ్‌కి వచ్చిన డివిడెండ్‌ని దాని ఆదాయంలోంచి తియ్యడం మీరే గుర్తుపెట్టుకోవాలి. ఇంకోటి, కొన్న రోజు ఆస్తుల్ని ఫెయిర్ వాల్యూకి పెంచి రాసే ఇండ్ ఏఎస్ కేసుల్లో ఈ చెక్ సూటిగా పనిచెయ్యదు, ఆ పెంపుని కూడా నెట్‌వర్త్‌లో కలుపుకోవాలి.

(ప్రశ్న: తిరగేసి, హోల్డింగే సబ్సిడరీకి అమ్మితే?)

విజయనగరం కంపెనీ ప్యాకింగ్ డబ్బాలు కొని పలాసకి లాభానికి అమ్మిందనుకోండి. పలాస గోడౌన్‌లో మిగిలిన డబ్బాల్లో 5 లక్షల లాభం ఉంది. స్టాకులోంచి 5 తియ్యాలి, అందులో మార్పు లేదు. కానీ ఆ లాభం పుట్టింది హోల్డింగ్ పుస్తకాల్లో, దాంట్లో మైనారిటీకి వాటా లేదు. అంచేత 5 మొత్తం హోల్డింగ్ వాటాదార్ల మీదే పడుతుంది, మైనారిటీకి పలాస లాభం 20లో 20 శాతం, పూర్తి 4 లక్షలు. స్టాకు ఎవరి దగ్గరుందన్నది కాదు, అమ్మింది ఎవరన్నది చూడాలి. పిల్లలు పరీక్షలో ఇక్కడే తారుమారు చేస్తారు. రెండు వైపులా అమ్మకాలున్న గ్రూపుల్లో రెండు లిస్టులు వేరువేరుగా పెట్టండి, కలిపి ఒకే అంకె రాసుకుంటే తరవాత విడదియ్యలేరు.

(ప్రశ్న: నష్టానికి అమ్మితే?)

నష్టమైతే ఒక క్షణం ఆగాలి. 45కి తయారైన పప్పు 40కే ఇచ్చారంటే, కావాలని తక్కువకి ఇచ్చారా, లేక మార్కెట్లో ధరే పడిపోయిందా? కావాలని ఇస్తే ఆ నష్టం కూడా లాభం లాగే తీసేసి స్టాకుని ఖర్చు దాకా పెంచుతాం. నిజంగా ధర పడి, బయట అమ్మినా 40 దాటి రాదంటే ఆ నష్టం అలాగే ఉంచాలి, తీసేస్తే స్టాకుని దాని విలువకి మించి చూపించినట్టవుతుంది.

(ప్రశ్న: సార్, ఆ 5 లక్షల మీద పలాస కంపెనీ ఇన్‌కమ్ టాక్స్ కట్టేసింది కదా, అదెలా?)

అవును, కట్టే తీరాలి. మన దేశంలో గ్రూప్‌కి కలిపి ఒక రిటర్న్ అనేది లేదు, ఏ కంపెనీ రిటర్న్ ఆ కంపెనీదే, కన్సాలిడేషన్‌లో మనం లాభం తీసేశామని డిపార్ట్‌మెంట్ ఒప్పుకోదు. ఏఎస్ 21 పాటించే మన లాంటి కంపెనీల్లో రెండు కంపెనీల టాక్సూ ఉన్నదున్నట్టు కలిపేస్తారు, ఈ 5 కోసం విడిగా ఏమీ చెయ్యరు. ఇండ్ ఏఎస్ కంపెనీల్లో అయితే స్టాకు విలువ గ్రూప్ లెక్కలో 15, కొన్న కంపెనీ టాక్స్ లెక్కలో 20, ఆ తేడా 5 మీద డిఫర్డ్ టాక్స్ ఆస్తి రాయాలి. రేటు కొన్న కంపెనీది తీసుకుంటారు, ఎందుకంటే ఆ సరుకు రేపు అమ్మేది ఆ కంపెనీయే, 20 ఖర్చుగా చూపించుకునేది కూడా అదే. సెక్షన్ 115బీఏఏ రేటు, సర్‌ఛార్జీ సెస్సు కలిపి 25.168 శాతం అనుకుంటే 5 లక్షల మీద సుమారు 1.26 లక్షలు. అప్పుడు లాభం మీద పడే నికర కోత 3.74 లక్షలు, మైనారిటీ మీద పడేది అందులో 20 శాతం, దగ్గర దగ్గర 75 వేలు. రెండో ఏడాది సరుకు అమ్ముడవగానే 5తో పాటు ఈ 1.26 కూడా తిరగెయ్యాలి, ఒకటి తిరగేసి రెండోది వదిలేస్తే టాక్స్ లైన్లో తేడా వస్తాది.